కప్పు ట్రస్సులో బలాలు: స్వేచ్ఛా వస్తు పటం, జాయింట్ల పద్ధతి

కప్పు ట్రస్సు అంటే చెక్క దూలాలనో ఇనుప యాంగిళ్లనో త్రిభుజాలుగా కూర్చి, ఒక గోడ నుంచి ఎదుటి గోడకు నిలబెట్టే చట్రం. పెంకుల బరువు, రేకుల బరువు, కప్పు మీదికి ఎక్కే మనుషుల బరువు, గాలి తోపు అన్నీ ఈ చట్రం ద్వారానే గోడలకు చేరతాయి. చట్రంలోని ఒక్కో ముక్కను మెంబరు అంటారు. ముక్కలు కలిసే చోటు జాయింటు. కొన్ని మెంబర్లను భారం సాగదీస్తుంది, అది తన్యత. కొన్నిటిని నొక్కుతుంది, అది సంపీడనం. ఏ మెంబరు ఏ వైపు పనిచేస్తోంది, అందులో ఎంత బలం ఉంది అన్నది తెలియకుండా దాని మందాన్ని గానీ, బోల్టుల సంఖ్యను గానీ నిర్ణయించలేం.

ఆ బలాలను కనుక్కునే మార్గాల్లో జాయింట్ల పద్ధతి మొదట నేర్చుకోదగినది. ఒక్కో జాయింటును చట్రం నుంచి ఊహలో విడదీసి, దాని మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలుగా గీసి, అవి ఒకదాన్నొకటి సరిగ్గా రద్దు చేసుకోవాలన్న షరతుతో తెలియని బలాలను రాబట్టడమే ఈ పద్ధతి. విడదీసి గీసిన ఆ బొమ్మే స్వేచ్ఛా వస్తు పటం. ఈ వ్యాసం ఎనిమిది మీటర్ల కింగ్ పోస్ట్ ట్రస్సును తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు లెక్క చేసి చూపిస్తుంది.

లెక్క వెనక ఉన్న ఊహలు

జాయింట్ల పద్ధతి మూడు ఊహల మీద నిలుస్తుంది. మొదటిది, ప్రతి జాయింటూ మేకు మీద తిరిగే కీలులా స్వేచ్ఛగా తిరగగలదు. రెండోది, భారాలన్నీ జాయింట్ల దగ్గరే పడతాయి, మెంబరు మధ్యలో ఏదీ పడదు. మూడోది, ఒక జాయింటులో కలిసే మెంబర్ల మధ్యరేఖలన్నీ ఒకే బిందువు గుండా పోతాయి. ఈ మూడూ నిజమైతే మెంబరు మీద బలాలు దాని రెండు చివరల్లోనే పనిచేస్తాయి. రెండే బలాలున్న వస్తువు కదలకుండా ఉండాలంటే అవి సమానంగా, ఎదురెదురుగా, ఒకే గీత మీద ఉండి తీరాలి. కాబట్టి మెంబరులోని బలం దాని పొడవు వెంటే ఉంటుంది. దిశ ముందే తెలిసిపోతుంది, తెలియాల్సింది పరిమాణం ఒక్కటే. పద్ధతి ఇంత సులువుగా ఉండడానికి కారణం ఇదే.

సమతలంలో ఉన్న జాయింటుకు రెండు సమతాస్థితి సమీకరణాలు వస్తాయి: అడ్డ బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా. జాయింట్ల సంఖ్య j అయితే సమీకరణాలు 2j. తెలియనివి మెంబర్ల బలాలు m, ఆధారాల ప్రతిచర్యలు r. ఈ రెండూ సరిపోలితేనే, అంటే m + r = 2j అయితేనే, సమతాస్థితి సమీకరణాలతో మాత్రమే జవాబు దొరుకుతుంది. తెలియనివి ఎక్కువైతే మెంబర్లు ఎంత సాగుతాయో కూడా లెక్కలోకి తేవాలి. తక్కువైతే చట్రం నిలబడదు, కీళ్ల దగ్గర మడుచుకుపోతుంది. సంఖ్యలు సరిపోలినంత మాత్రాన చట్రం గట్టిదని అర్థం కాదు, ఒకచోట మెంబర్లు ఎక్కువై మరోచోట త్రిభుజం పూర్తి కాకపోయినా మొత్తం సరిపోవచ్చు. అందుకే సంఖ్యతో పాటు ఆకారాన్నీ చూడాలి.

లెక్క ఎప్పుడు పుట్టింది

ట్రస్సులు చాలా పాతవి. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో 1570లో అచ్చయిన తన వాస్తు గ్రంథంలో చెక్క ట్రస్సు వంతెనల బొమ్మలు ఇచ్చాడు. అయితే మెంబర్ల పరిమాణాలను అనుభవంతో, పాత కట్టడాలను చూసి నిర్ణయించేవారు. బలాలను లెక్కగట్టి కట్టడం 19వ శతాబ్దంలో, రైలు వంతెనల అవసరంతో మొదలైంది. అమెరికాలో స్క్వైర్ విపుల్ 1847లో వంతెన నిర్మాణంపై పుస్తకం అచ్చువేసి, ట్రస్సు మెంబర్ల బలాలను ఒక్కొక్కటిగా ఎలా రాబట్టాలో చూపించాడు. దాదాపు అదే కాలంలో రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్-మాస్కో రైలు మార్గం వంతెనల కోసం జురావ్‌స్కీ ఇలాంటి విశ్లేషణే చేశాడు. 1860లలో జర్మనీ ఇంజనీరు రిట్టర్ ట్రస్సును ఒక గీత వెంట కోసి, భ్రామకాలతో లెక్కించే కోత పద్ధతిని ఇచ్చాడు. 1864లో మాక్స్‌వెల్, 1872లో క్రెమోనా జాయింట్ల సమతాస్థితిని సమీకరణాలు లేకుండా స్కేలుతో గీసి తేల్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. చేతిలో కాలిక్యులేటరు లేని రోజుల్లో డ్రాయింగ్ ఆఫీసుల పని చాలాకాలం ఆ గీతలతోనే నడిచింది.

ఉదాహరణ: కింగ్ పోస్ట్ ట్రస్సు

గోడల మధ్య దూరం 8 మీటర్లు, కప్పు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. ఎడమ గోడ మీది జాయింటు A, కుడి గోడ మీది జాయింటు B, శిఖరం C. A, B లను కలిపే అడుగు దూలం మధ్యలో D ఉంది. ఎడమ వాలు AC మధ్యలో E, కుడి వాలు BC మధ్యలో F ఉన్నాయి. శిఖరం C నుంచి D కి దిగే నిలువు మెంబరు కింగ్ పోస్ట్. D నుంచి E కి, F కి ఏటవాలుగా పోయే రెండు చిన్న మెంబర్లు వాలు దూలాలకు మధ్యలో ఊతమిస్తాయి.

A ని మూలబిందువుగా తీసుకుంటే మీటర్లలో స్థానాలు ఇవి:

A (0, 0), B (8, 0), C (4, 3), D (4, 0), E (2, 1.5), F (6, 1.5)

సగం దూరం 4, ఎత్తు 3 కాబట్టి వాలు పొడవు 5 మీటర్లు. ED కూడా అడ్డంగా 2, నిలువుగా 1.5 పోతుంది కాబట్టి దాని పొడవు 2.5 మీటర్లు. ట్రస్సులోని ఏటవాలు మెంబర్లన్నిటికీ అడ్డ అంశం పొడవులో 0.8 వంతు, నిలువు అంశం 0.6 వంతు. కోణాలు కొలవనక్కర్లేదు, ఈ రెండు నిష్పత్తులే చాలు.

మెంబర్లు తొమ్మిది: AE, EC, CF, FB, AD, DB, ED, FD, CD. జాయింట్లు ఆరు. A దగ్గర మేకు ఆధారం ఇస్తే రెండు ప్రతిచర్యలు, B దగ్గర అడ్డంగా జరగగల ఆధారం ఇస్తే ఒకటి. 9 + 3 = 12, 2 × 6 = 12. లెక్క సరిపోయింది.

ఇక భారం. ట్రస్సులను 2.5 మీటర్లకొకటి వేశారనుకుందాం. వాలు మీద పర్లిన్లు జాయింట్ల దగ్గరే, అంటే 2.5 మీటర్లకొకటి ఉన్నాయి. కాబట్టి లోపలి జాయింటు ఒక్కోటి 2.5 × 2.5 = 6.25 చదరపు మీటర్ల కప్పును మోస్తుంది. పెంకులు, వాసాలు, పర్లిన్లు, ట్రస్సు సొంత బరువు, పైకెక్కే మనుషుల భారం అన్నీ కలిపి వాలు మీద చదరపు మీటరుకు 1.6 కిలోన్యూటన్లు తీసుకుంటే, జాయింటుకు 10 కిలోన్యూటన్లు వస్తుంది. అది దాదాపు ఒక టన్ను బరువు. E, C, F ల దగ్గర తలా 10. గోడ మీది A, B జాయింట్లకు సగం వైశాల్యమే చేరుతుంది కాబట్టి తలా 5. మొత్తం 40 కిలోన్యూటన్లు.

మొదటి పటం: మొత్తం ట్రస్సు

ముందుగా మొత్తం ట్రస్సును గోడల మీద నుంచి ఎత్తి గాల్లో పెట్టినట్టు గీయాలి. గోడలు తీసేశాం కాబట్టి అవి ఇచ్చే ప్రతిచర్యలను బాణాలుగా చూపాలి. ఈ పటంలో లోపలి బలాలేవీ కనిపించకూడదు. అవి జంటజంటలుగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

A దగ్గర భ్రామకాలు తీసుకుంటే, B లోని ప్రతిచర్య ఒక్కటే తెలియనిదిగా మిగులుతుంది:

RB × 8 = 10 × 2 + 10 × 4 + 10 × 6 + 5 × 8 = 160

RB = 20 kN, RA = 40 − 20 = 20 kN

అడ్డంగా ఏ భారమూ లేదు కాబట్టి A దగ్గర అడ్డ ప్రతిచర్య సున్నా. ట్రస్సు, భారం రెండూ సౌష్ఠవంగా ఉన్నందున చెరిసగం వస్తుందని ముందే చెప్పవచ్చు. అయినా భ్రామకంతో తేల్చుకోవడం మంచి అలవాటు, భారం ఒక వైపే ఉన్నప్పుడు ఆ దారి ఒక్కటే మిగులుతుంది.

జాయింటు A

ఇప్పుడు A జాయింటును మాత్రమే విడదీయాలి. AE, AD మెంబర్లను జాయింటుకు కొద్ది దూరంలో కోసినట్టు ఊహించి, కోసిన చోట వాటి బలాలను గీయాలి. దిశ తెలియనప్పుడు అన్నిటినీ తన్యతగానే అనుకోవడం మేలు. సాగదీయబడిన మెంబరు జాయింటును తనవైపు లాక్కుంటుంది కాబట్టి బాణం జాయింటు నుంచి బయటికి పోతుంది. జవాబు ధనాత్మకమైతే నిజంగా తన్యతే. రుణాత్మకమైతే సంపీడనం.

A మీద పనిచేసేవి నాలుగు: పైకి 20 ప్రతిచర్య, కిందికి 5 భారం, వాలు వెంట AE, అడ్డంగా AD. తెలియనివి రెండే.

నిలువుగా: 20 − 5 + 0.6 AE = 0, కాబట్టి AE = −25 kN

అడ్డంగా: AD + 0.8 AE = 0, కాబట్టి AD = +20 kN

AE లో 25 కిలోన్యూటన్ల సంపీడనం, AD లో 20 కిలోన్యూటన్ల తన్యత ఉన్నాయి. వాలు దూలం గోడను బయటికి నెట్టబోయే 20 కిలోన్యూటన్లను అడుగు దూలం లాగి పట్టుకుంటోంది. ఎత్తు చాలడం లేదని ఎవరైనా అడుగు దూలాన్ని కోసి తీసేస్తే ఆ తోపు నేరుగా గోడ మీద పడుతుంది. గోడ పైభాగం బయటికి ఒరుగుతుంది, శిఖరం కుంగుతుంది.

జాయింటు E

ఎక్కడికి వెళ్లినా తెలియని బలాలు రెండుకు మించని జాయింటునే ఎంచుకోవాలి. D దగ్గర AD తెలిసినా ED, CD, FD, DB తెలియవు. అక్కడికి ఇప్పుడు వెళ్లలేం. E దగ్గర AE తెలిసింది కాబట్టి EC, ED మాత్రమే మిగిలాయి.

ఒక మెంబరు తన రెండు చివరల్లోని జాయింట్ల మీద ఎదురెదురు దిశల్లో పనిచేస్తుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. AE సంపీడనంలో ఉంది కాబట్టి A ని ఎడమకు, కిందికి నెడుతుంది, E ని కుడికి, పైకి నెడుతుంది. సంజ్ఞను మార్చకుండా −25 నే సమీకరణంలో పెట్టి, దిశను E నుంచి A వైపు తీసుకుంటే ఇది దానంతటదే సరిపోతుంది.

అడ్డంగా: −0.8 (−25) + 0.8 EC + 0.8 ED = 0, అంటే EC + ED = −25

నిలువుగా: −0.6 (−25) + 0.6 EC − 0.6 ED − 10 = 0, అంటే EC − ED = −8.33

రెండింటినీ కలిపి సాధిస్తే EC = −16.67 kN, ED = −8.33 kN.

రెండూ సంపీడనమే. వాలు దూలం అడుగు భాగంలో 25 ఉన్న నొక్కుడు, E దాటాక 16.67 కి తగ్గింది. మిగతా పనిని ED ఊతం తీసుకుంది.

జాయింటు C

సౌష్ఠవం వల్ల CF = EC = −16.67. శిఖరం దగ్గర తెలియనిది CD ఒక్కటే. ఇక్కడ నిలువు సమీకరణం చాలు:

−10 − 0.6 (−16.67) − 0.6 (−16.67) − CD = 0

−10 + 20 − CD = 0, కాబట్టి CD = +10 kN

కింగ్ పోస్ట్‌లో ఉన్నది తన్యత. చూడగానే అది శిఖరాన్ని కింద నుంచి మోసే స్తంభంలా కనిపిస్తుంది. నిజానికి అది శిఖరం నుంచి వేలాడుతోంది.

భారం నడిచే దారిని అనుసరిస్తే ఇది ఎందుకో తెలుస్తుంది. E, F ల నుంచి దిగిన రెండు ఊతాలూ D ని తలా 5 కిలోన్యూటన్లతో కిందికి నొక్కుతాయి (8.33 లో 0.6 వంతు). ఆ పదినీ కింగ్ పోస్ట్ పట్టుకుని పైకి, శిఖరానికి చేరుస్తుంది. శిఖరం మీద సొంత భారం 10, కింగ్ పోస్ట్ తెచ్చినది 10, మొత్తం 20. అది చెరో 10 గా రెండు వాలుల్లోకి దిగుతుంది. E దగ్గర ఆ పదికి పై భారం 10 కలిసి, ఊతం తీసుకున్న 5 పోగా, 15 కిలోన్యూటన్లు AE ద్వారా A కి చేరతాయి. అక్కడ 5 కలిసి గోడకు 20. లెక్కంతా మూసుకుంది.

వడ్రంగి పనిలో దీని ఫలితం స్పష్టం. D దగ్గర ఊతాల కాళ్లు కింగ్ పోస్ట్ అడుగు భాగానికి ఆనాలి, అడుగు దూలానికి కాదు. ఆ అడుగు దూలాన్ని కూడా ఇనుప పట్టీతో కింగ్ పోస్ట్‌కు వేలాడదీయాలి. యూరప్‌లోని పాత చెక్క ట్రస్సులు కొన్నిటిలో కింగ్ పోస్ట్‌కూ అడుగు దూలానికీ మధ్య కావాలనే చిన్న ఖాళీ వదిలి, పట్టీతో కలిపారు. అలా కాక ఊతాలను నేరుగా అడుగు దూలం మీద ఆనించి, కింగ్ పోస్ట్‌ను ఊరికే పైన నిలబెడితే ఆ 10 కిలోన్యూటన్లు ఎనిమిది మీటర్ల దూలం నడుమ పడతాయి. లాగుడుకు మాత్రమే సరిపడే దూలం అప్పుడు 20 కిలోన్యూటన్-మీటర్ల వంపు భ్రామకాన్ని మోయాలి. నడుము దిగిన అడుగు దూలం ఈ పొరపాటుకు తరచు కనిపించే గుర్తు.

| మెంబరు | పొడవు (మీ.) | బలం (కిలోన్యూటన్లు) | రకం |
|---|---|---|---|
| AE, FB | 2.5 | 25 | సంపీడనం |
| EC, CF | 2.5 | 16.67 | సంపీడనం |
| AD, DB | 4 | 20 | తన్యత |
| ED, FD | 2.5 | 8.33 | సంపీడనం |
| CD | 3 | 10 | తన్యత |

సరిచూసుకోవడం

D జాయింటును మనం వాడలేదు. అది మిగిలినందువల్లే తనిఖీకి పనికొస్తుంది. అడ్డంగా AD, DB ఎదురెదురుగా 20 చొప్పున, ఊతాల అడ్డ అంశాలు కూడా ఎదురెదురు. నిలువుగా కింగ్ పోస్ట్ పైకి 10, రెండు ఊతాలు కిందికి 5 + 5. రెండు దిశల్లోనూ సున్నా వచ్చింది.

ఈ తనిఖీ ఎలాంటి తప్పును పడుతుందో చూద్దాం. గోడ మీది 5 కిలోన్యూటన్లు ఎలాగూ గోడకే పోతాయని A దగ్గర వాటిని వదిలేసి, ప్రతిచర్యను మాత్రం 20 గానే ఉంచడం విద్యార్థుల లెక్కల్లో తరచు జరిగే పొరపాటు. అప్పుడు AE = −33.33, AD = 26.67, EC = −25, ED = −8.33, CD = 20 వస్తాయి. ఒక్కో సంఖ్యను విడిగా చూస్తే అనుమానం రాదు. D దగ్గరికి వచ్చేసరికి పైకి 20, కిందికి 10. మిగిలిన 10 రెండు గోడల దగ్గరా వదిలేసిన 5 + 5 కి సమానం. మిగులు సంఖ్యే తప్పు జరిగిన చోటును చూపిస్తోంది.

ఈ తనిఖీ పట్టలేని తప్పు కూడా ఒకటుంది. లెక్క మొత్తంలో 0.6, 0.8 లను తారుమారు చేస్తే D దగ్గర అంతా సరిపోతుంది. ఎందుకంటే ఆ సంఖ్యలు నిటారైన వాలున్న మరో ట్రస్సుకు సరైన జవాబులే. దాన్ని పట్టాలంటే వేరే దారిలో ఒక్క మెంబరునైనా లెక్కించాలి. EC, ED, AD ల గుండా ట్రస్సును కోసి, ఎడమ ముక్కను విడదీసి, D దగ్గర భ్రామకాలు తీసుకుంటే ED, AD లు D గుండానే పోతాయి కాబట్టి EC ఒక్కటే మిగులుతుంది. D నుంచి AC గీతకు లంబ దూరం 4 × 0.6 = 2.4 మీటర్లు.

(20 − 5) × 4 − 10 × 2 = 40, కాబట్టి EC = 40 / 2.4 = 16.67 kN సంపీడనం

జాయింట్ల పద్ధతి ఇచ్చినదీ అదే. తారుమారు చేసినవారికి మాత్రం జాయింట్ల నుంచి 12.5 వచ్చి ఉంటుంది. భారాన్నే తక్కువగా అంచనా వేసిన తప్పును ఈ రెండు తనిఖీల్లో ఏదీ పట్టదు. దాన్ని కప్పు పదార్థాల బరువుల పట్టికతోనే సరిచూసుకోవాలి.

సున్నా బలం ఉన్న మెంబర్లు

పర్లిన్లు శిఖరం దగ్గర, గోడల దగ్గర మాత్రమే ఉండి E, F ల మీద భారం లేదనుకుందాం. E దగ్గర AE, EC ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీతకు అడ్డంగా పనిచేయగలిగింది ED ఒక్కటే. దాన్ని ఎదుర్కొనేది ఏదీ లేదు కాబట్టి ED సున్నా. అలాగే FD సున్నా. ఊతాలు రెండూ సున్నా అయితే D దగ్గర CD కూడా సున్నా. మూడు మెంబర్ల బలాలు ఒక్క సమీకరణం కూడా రాయకుండానే తేలిపోయాయి.

వాటిని తీసేయవచ్చా అంటే కూడదు. భారం మారితే అవి వెంటనే పనిలోకి వస్తాయి. భారం మారకపోయినా ED వాలు దూలాన్ని మధ్యలో పట్టి ఉంచుతుంది. సన్నని మెంబరును నొక్కినప్పుడు అది చితకడానికి ముందే పక్కకు వంగి విఫలమవుతుంది. వంగే భారం, పట్టులేని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. ఊతం ఉంటే ట్రస్సు తలంలో ఆ పొడవు 2.5 మీటర్లు, లేకపోతే 5. పొడవు రెట్టింపైతే మోయగలిగేది నాలుగో వంతుకు పడిపోతుంది.

గాలి పైకి ఎత్తినప్పుడు

కప్పు మీదుగా పోయే గాలి చాలాసార్లు కప్పును నొక్కదు, పైకి పీల్చుతుంది. తలుపులు తెరిచి ఉన్న షెడ్డులో లోపలి నుంచి తోపు కూడా దానికి తోడవుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి, విజయవాడకు ప్రాథమిక గాలి వేగాన్ని సెకనుకు 50 మీటర్లుగా, హైదరాబాద్‌కు 44 మీటర్లుగా ఇస్తుంది. తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఈ తేడా చూపుకు కనిపించే దానికన్నా పెద్దది. తీరంలో అది సుమారు 30 శాతం ఎక్కువవుతుంది.

మన ట్రస్సు ఆకారానికే పెంకులు కాకుండా తేలికైన రేకులు వేశారనుకుందాం. సొంత బరువు లోపలి జాయింటుకు 2, గోడ జాయింటుకు 1 కిలోన్యూటను. గాలి ఎత్తుడు 5, 2.5. గాలి తోపు నిజానికి వాలుకు లంబంగా ఉంటుంది, రెండు వాలుల మీదా ఒకేలా ఉండదు. గుర్తు ఎలా మారుతుందో చూపడానికి ఇక్కడ దాన్ని నిలువుగా, సమానంగా తీసుకుందాం. నికరంగా పైకి 3, 1.5. అంటే మొదటి భారానికి −0.3 రెట్లు. సమీకరణాలు రేఖీయమైనవి కాబట్టి జవాబులన్నిటినీ −0.3 తో గుణిస్తే చాలు: AE +7.5, EC +5, ED +2.5, AD −6, CD −3. ప్రతి మెంబరూ గుర్తు మార్చుకుంది. గోడల దగ్గర ప్రతిచర్య −6, అంటే ట్రస్సును కిందికి పట్టి ఉంచే యాంకర్ బోల్టులు కావాలి.

పరిమాణాలు చిన్నవేనని దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అడుగు మెంబరు AD గా 16 మిల్లీమీటర్ల గుండ్రని ఉక్కు కడ్డీ వేశారనుకుందాం. దాని వైశాల్యం 201 చదరపు మిల్లీమీటర్లు. మొదటి భారం కింద 20 కిలోన్యూటన్ల లాగుడుకు దానిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 100 న్యూటన్ల ఒత్తిడి వస్తుంది. సాధారణ ఉక్కు 250 దగ్గర సాగుతుంది కాబట్టి అది నిశ్చింతగా మోస్తుంది. అదే నాలుగు మీటర్ల కడ్డీని రెండు చివరల నుంచి నొక్కితే, ఆయిలర్ సూత్రం ప్రకారం సుమారు 0.4 కిలోన్యూటన్ల దగ్గరే వంగిపోతుంది. గాలి అడుగుతున్నది 6. లాగినప్పుడు 20 మోసిన కడ్డీ, నొక్కినప్పుడు ఆరుకు పదిహేనో వంతు దగ్గరే చేతులెత్తేస్తుంది.

అందుకే ఉక్కు నిర్మాణాల ప్రమాణం ఐఎస్ 800 (2007), మామూలుగా తన్యతలో ఉంటూ గాలికో భూకంపానికో సంపీడనంలోకి మారే మెంబరు సన్నదనానికి 350 అనే హద్దు పెట్టింది. పొడవును అడ్డుకోత భ్రమణ వ్యాసార్థంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఇది. మన కడ్డీకి అది 1000. 4 మీటర్ల మెంబరు హద్దులో ఉండాలంటే ఆ వ్యాసార్థం కనీసం 11.4 మిల్లీమీటర్లు ఉండాలి, కడ్డీకి ఉన్నది 4 మాత్రమే. యాంగిలో, గొట్టమో వాడితే ఈ అవసరం సులువుగా తీరుతుంది.

పద్ధతి పరిమితులు

పర్లిన్ జాయింటు మీద కాకుండా A, E ల నడుమ కూర్చుంటే AE లో నొక్కుడుతో పాటు వంపు కూడా పుడుతుంది. జాయింట్ల పద్ధతి ఆ భారాన్ని రెండు చివరలకూ పంచి లెక్కిస్తుంది, వంపు సంగతి చెప్పదు. అడుగు మెంబరు మధ్యలో బరువులెత్తే కప్పీ కట్టినప్పుడు కూడా ఇంతే. 4 మీటర్ల AD మధ్యలో 2 కిలోన్యూటన్లు వేలాడదీస్తే చివరలు స్వేచ్ఛగా తిరిగే పక్షంలో 2 కిలోన్యూటన్-మీటర్ల వంపు భ్రామకం వస్తుంది. దాన్ని దూలంలా విడిగా లెక్కించి, పొడవు వెంట ఉన్న బలంతో కలిపి చూడాలి.

ఉక్కు ట్రస్సుల్లో మెంబర్లను గస్సెట్ ప్లేటుకు వెల్డు చేస్తారు లేదా బోల్టులతో బిగిస్తారు. అలాంటి జాయింటు కీలులా తిరగదు. దానివల్ల చిన్న వంపులు పుడతాయి. మధ్యరేఖలు ఒకే బిందువులో కలిసి, మెంబర్లు సన్నగా ఉంటే వాటిని మామూలు కప్పుల్లో సాధారణంగా పట్టించుకోరు. మధ్యరేఖలు కలవకపోతే మాత్రం పట్టించుకోవాల్సిందే: 25 కిలోన్యూటన్ల మెంబరు 20 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా జాయింటు మీద 0.5 కిలోన్యూటన్-మీటరు భ్రామకం అదనంగా పడుతుంది.

ఆధారాల విషయం కూడా ముఖ్యం. రెండు గోడల దగ్గరా ట్రస్సును కదలకుండా బిగిస్తే ప్రతిచర్యలు నాలుగవుతాయి, తెలియనివి 13, సమీకరణాలు 12. అప్పుడు AD లోని లాగుడు కొంత గోడల మీదికి మళ్లుతుంది. ఎంత మళ్లుతుందన్నది గోడల గట్టిదనం మీద, మెంబర్లు సాగే తీరు మీద ఆధారపడుతుంది. సమతాస్థితి ఒక్కటే దాన్ని చెప్పలేదు. ఒక చివర బోల్టు రంధ్రాన్ని పొడవుగా, స్లాటులా చేయడానికి ఒక కారణం ఇదే. ఎండకు ఉక్కు సాగినా అది గోడను నెట్టదు, లెక్కలో అనుకున్న ఆధారం కట్టడంలోనూ ఉంటుంది.

పెద్ద ట్రస్సుల్లో, అనేక భార కలయికలకు, నేడు కంప్యూటర్లో దృఢత్వ మాత్రికల పద్ధతిని వాడతారు. అందులోనూ చివరికి ప్రతి జాయింటు దగ్గర సమతాస్థితి సమీకరణాలే రాస్తారు. ఆ ఫలితాల్లో ఆధారం పక్కనున్న జాయింటును, శిఖరాన్ని విడదీసి చేత్తో లెక్కించి చూస్తే భారం తప్పు జాయింటు మీద పెట్టారా, ఆధారం తప్పుగా ఇచ్చారా అన్నది కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.